చీకటి పార్టీ ఫొటోలో నాయిస్ తీసి, ముఖాలు చెరిగిపోకుండా కాపాడుకున్న నా అనుభవం

ఆ రాత్రి మేం ఆరుగురం కలిసి ఉన్న ఫొటో ఒక్కటే ఉంది. మిగతావాటిలో ఎవరో ఒకరు తగ్గారు, లేదా ఎవరివో కళ్లు మూసుకుపోయాయి. ఈ ఒక్కదానిలో అందరం ఉన్నాం, అందరం నిజంగా నవ్వుతున్నాం, పైగా అందులో ఒకడు మరుసటి వారమే ఉద్యోగానికని వేరే దేశం వెళ్లిపోయాడు. అందుకని దీన్ని ప్రింట్ తీయించి అందరికీ తలా ఒకటి ఇవ్వాలనుకున్నాను. కానీ గదిలో వెలుతురు దాదాపు లేదు, ఒక మూల పసుపు బల్బు ఉన్న లాంప్, అంతే. ఐఎస్ఓ 6400, షట్టర్ 1/60, లెన్స్ పూర్తిగా తెరిచి f/2 దగ్గర, అంత చేసినా ఫొటో చీకటిగానే వచ్చింది. దాన్ని వెలుతురుగా చేయగానే ముఖాల నిండా ఇసుక చల్లినట్టు గ్రెయిన్, దాని మధ్యలో ఊదా రంగు, ఆకుపచ్చ రంగు మరకలు.

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను. ఫోన్‌లో ఒక ఎడిటింగ్ యాప్ తెరిచి, నాయిస్ తగ్గించే స్లైడర్‌ని సగం దాటించి, చిన్న తెర మీద చూస్తే బాగానే ఉందనిపించి గ్రూపులో పెట్టేశాను. ఐదు నిమిషాల్లో ముందు వరసలో ఉన్న స్నేహితురాలు రాసింది, "ఇది నేనేనా? మైనంతో చేసినట్టు ఉన్నానేంటి" అని. వెనక నిలబడ్డవాడు ఇంకా సూటిగా అడిగాడు, "నా గడ్డం ఏదిరా, ఎవరో నల్ల పెయింట్ రాసినట్టుంది". పెద్ద తెర మీద తెరిచి చూస్తే వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. బుగ్గల మీద చర్మం అనేదే లేదు, కనుబొమ్మల్లో వెంట్రుకలు పోయి ఒక్క గీత మిగిలింది, పళ్ల మధ్య గీతలన్నీ కలిసిపోయి తెల్లటి పట్టీ అయింది. ఆ స్లైడర్‌కి గ్రెయిన్ ఏదో, కనురెప్ప వెంట్రుక ఏదో తెలియదు. రెండూ సన్నగానే ఉంటాయి, పక్క పిక్సెల్‌కీ దీనికీ వెలుగులో తేడా రెండింటిలోనూ ఉంటుంది, కాబట్టి రెండింటినీ కలిపే తుడిచేసింది.

తర్వాత మూడు సాయంత్రాలు దీని మీదే కూర్చున్నాను. అందులో నాకు బాగా పనికొచ్చింది ఏ స్లైడర్ ఎంత పెట్టాలన్నది కాదు. ఒకే ఫొటోలో ఆరు ముఖాలకీ ఒకే మోతాదు సరిపోదన్న సంగతి. అది ఎందుకో ముందు చెప్పేస్తాను, ఎందుకంటే తర్వాత నేను చేసిందంతా దీని మీదే నడిచింది.

మనం నాయిస్ అనేది ఐఎస్ఓ పెంచడం వల్ల వస్తుందనుకుంటాం. అసలు కారణం కాంతి తక్కువ కావడం. కాంతి సెన్సార్ మీద కణాలుగా పడుతుంది, అవి వాన చినుకుల్లా ఎక్కడ ఎన్ని పడతాయో సమానంగా ఉండదు. ఒక పిక్సెల్ మీద సగటున 100 కణాలు పడుతుంటే, పక్కపక్క పిక్సెళ్ల మధ్య తేడా మామూలుగానే 10 దాకా ఉంటుంది, అంటే పదో వంతు. అదే 400 పడితే తేడా 20, అంటే ఇరవయ్యో వంతే. నాలుగు రెట్ల కాంతి వస్తే గ్రెయిన్ సగమవుతుందన్నమాట. ఇప్పుడు నా ఫొటో చూడండి. ముందు వరసలో ముగ్గురు లాంప్‌కి దగ్గరగా ఉన్నారు. వెనక గడ్డం ఉన్నవాడు లాంప్ నుంచి వాళ్ల కంటే దాదాపు రెండింతల దూరంలో ఉన్నాడు. దూరం రెండింతలైతే పడే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే ఒకే ఫొటోలో అతని ముఖం మీద గ్రెయిన్ ముందువాళ్ల కంటే రెండింతలు. పైగా అతని ముఖం చిన్నది. 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో ముందున్న స్నేహితురాలి ముఖం దాదాపు 600 పిక్సెళ్ల వెడల్పు ఉంటే, అతనిది 180 మాత్రమే, కన్ను మొత్తం కలిపినా 35 పిక్సెళ్లు దాటదు. ఎక్కువ శుభ్రం చేయాల్సిన ముఖంలోనే తుడిస్తే పోయే వివరం కొంచెమే ఉంది. అతనికి సరిపడా స్లైడర్ జరిపితే ముందున్నవాళ్లు మైనం బొమ్మలవుతారు, వాళ్లకి సరిపడా పెడితే అతను ఇసుకలోనే ఉండిపోతాడు.

సరే, పనిలోకి వస్తాను. అదృష్టం ఏమిటంటే నా కెమెరా జేపెగ్‌తో పాటు రా ఫైల్ కూడా, అంటే సెన్సార్ పట్టింది పట్టినట్టే ఉండే ఫైల్ కూడా దాచేలా పెట్టి ఉంది. జేపెగ్‌ని దగ్గరగా చూస్తే కెమెరానే లోపల ఒకసారి నాయిస్ తగ్గించేసి ఉంది, ముందున్న స్నేహితురాలి జుట్టు అప్పటికే కొంత ముద్దగా ఉంది. ఒకసారి చెరిగిపోయిన వెంట్రుకని ఎవరూ వెనక్కి తేలేరు, కాబట్టి రా ఫైల్ ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి. నేను RawTherapee అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. వైట్ బ్యాలెన్స్ సంగతి తర్వాత చెబుతాను, అది కాకుండా అక్కడ చేసింది మూడే పనులు. ఎక్స్‌పోజర్ 1.3 దాకా పెంచాను. సెన్సార్ సమాచారం నుంచి ప్రతి పిక్సెల్‌కీ పూర్తి రంగు కట్టే డీమొజాయిక్ పద్ధతిని AMaZE నుంచి LMMSE కి మార్చాను, నాయిస్ బాగా ఉన్న ఫొటోల్లో మొదటి పద్ధతి గ్రెయిన్‌ని పట్టుకుని చిన్న చిన్న వంకర గీతల్లాంటి లేని నమూనాలు పుట్టిస్తుంది, LMMSE తో ఆ గోల తగ్గుతుంది. మూడోది, Noise Reduction ఆన్ చేసి, అందులో వెలుగు నాయిస్‌ని తగ్గించే Luminance ని సున్నా దగ్గరే ఉంచి, రంగు నాయిస్‌ని తగ్గించే Chrominance ఒక్కదాన్నే Automatic global లో వదిలాను. ఇక్కడ ఒక చిన్న మాట, ఆ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తగ్గింపు ఫలితం 100 శాతం జూమ్‌లో చూస్తేనే కనిపిస్తుంది. నేను ఫొటో మొత్తం తెర మీద కనిపించేలా పెట్టుకుని పదిహేను నిమిషాలు స్లైడర్ జరుపుతూ ఏమీ మారడం లేదేంటని తల పట్టుకున్నాను.

వెలుగు నాయిస్‌ని వదిలేసి రంగు నాయిస్‌నే ముందు ఎందుకు తీశానంటే, ఈ రెండూ వేరు వేరు జబ్బులు. వెలుగు నాయిస్ అంటే పక్కపక్క పిక్సెళ్లు ఒకటి కాస్త తెల్లగా, ఒకటి కాస్త నల్లగా ఉండటం, అదే మనకి ఇసుకలా కనిపించేది. రంగు నాయిస్ అంటే బుగ్గ మీద ఊదా మచ్చ, గడ్డం కింద ఆకుపచ్చ మచ్చ. మన కన్ను ముఖంలోని వివరాన్ని, అంటే రెప్పలు, ముడతలు, పెదవి అంచు, దాదాపుగా వెలుగు తేడాల నుంచే చదువుతుంది. రంగు కొంచెం అటూ ఇటూ పరుచుకున్నా పట్టించుకోదు. జేపెగ్ ఫైళ్లు కూడా దీన్నే నమ్ముకుని చాలాసార్లు రంగు సమాచారాన్ని సగం వెడల్పులో, సగం ఎత్తులో మాత్రమే దాస్తాయి, ఎవరూ తేడా కనిపెట్టరు. కాబట్టి రంగు మచ్చల్ని గట్టిగా తీసేసినా ముఖం చెరగదు. ఒక్క రంగు నాయిస్ పోయాకే నా ఫొటో సగానికి పైగా బాగుపడింది. మిగిలిన గ్రెయిన్ పాత ఫిల్మ్ ఫొటోలో ఉన్నట్టు కనిపించింది, రోగం వచ్చినట్టు కాదు.

పసుపు బల్బు కింద ఈ మచ్చలు ఎందుకు అంత ఎక్కువో కూడా అప్పుడే అర్థమైంది. అలాంటి బల్బు వెలుతురులో నీలం చాలా తక్కువ. వైట్ బ్యాలెన్స్ సరిచేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ కొంచెం నీలాన్నే రెండు మూడు రెట్లు పెంచుతుంది, దానితో పాటు నీలంలోని నాయిస్ కూడా పెరుగుతుంది. తర్వాత GIMP అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో Channels పలకలో ఎరుపు, ఆకుపచ్చల పక్కనున్న కన్ను గుర్తులు తీసేసి నీలం ఒక్కటే చూశాను, అందులో ముఖాలు గుర్తుపట్టడమే కష్టంగా ఉంది, మొత్తం గరుకే. ఎరుపు ఒక్కటే చూస్తే చాలా శుభ్రం. నేను వైట్ బ్యాలెన్స్‌ని పూర్తిగా తెల్లదనం దాకా తోయకుండా లాంప్ వెచ్చదనాన్ని కొంత ఉండనిచ్చాను, దానితో నీలం అంతగా పెంచాల్సిన పని తప్పింది, నాయిస్ కూడా కాస్త తగ్గింది. ఆ గది ఆ రాత్రి నిజంగా పసుపుగానే ఉంది కదా.

రంగు నాయిస్‌లో కూడా అతి చేస్తే నష్టం ఉంది, అది నేను చేసి చూశాను. Automatic తీసేసి చేత్తో బాగా పైకి జరిపినప్పుడు బుగ్గలు పాలలా శుభ్రమయ్యాయి కానీ స్నేహితురాలి చెవిపోగులో ఉన్న చిన్న ఆకుపచ్చ రాయి బూడిద రంగులోకి మారింది, లిప్‌స్టిక్ ఎరుపు పెదవి అంచు దాటి చర్మం మీదకి పాకింది. చిన్నగా ఉండి గట్టి రంగున్న వస్తువుల్ని చూస్తే మోతాదు దాటిందో లేదో వెంటనే తెలుస్తుంది. రాయి ఆకుపచ్చగానే ఉండి, బుగ్గ మీద మచ్చ పోతే సరిపోయినట్టే. నేను మళ్లీ Automatic కే వెళ్లాను.

రా ఫైల్ లేనివాళ్లు, జేపెగ్ మాత్రమే ఉన్నవాళ్లు ఇదే పని GIMP లో చేయవచ్చు. లేయర్‌ని డూప్లికేట్ చేసి, పై లేయర్‌కి Gaussian Blur 6 నుంచి 10 పిక్సెళ్ల దాకా ఇచ్చి, దాని మోడ్‌ని LCh Color కి మార్చండి. అప్పుడు మసకబారింది రంగు మాత్రమే, వెలుగు వివరం కింది లేయర్ నుంచే వస్తుంది. రంగు పాకిన చోట మాస్క్ వేసి పై లేయర్‌ని దాచేస్తే సరి.

RawTherapee నుంచి 16 బిట్ల TIFF గా దాచి GIMP లో తెరిచాను. ఇక్కడే అసలు పని. లేయర్‌ని డూప్లికేట్ చేసి పై లేయర్ మీద Filters మెనూలో Enhance కింద ఉన్న Noise Reduction ని Strength 4 దగ్గరే నడిపాను. ఆ పై లేయర్‌ని ఒక్కదాన్నే చూస్తే మళ్లీ మైనం బొమ్మలే, పర్వాలేదు, దాన్ని అలాగే వాడబోవడం లేదు. ఆ లేయర్‌కి నల్ల మాస్క్ జోడించాను, అంటే మొదట అదేమీ కనిపించదు, కింది గ్రెయిన్ ఫొటోనే కనిపిస్తుంది. ఇక మెత్తటి అంచున్న తెల్ల బ్రష్‌తో మాస్క్ మీద ఎక్కడ ఎంత శుభ్రం కావాలో అంత పూసుకుంటూ వెళ్లాను, ఎంత అన్నది బ్రష్ ఒపాసిటీతో.

గోడలు, చీకటి మూలలు, బట్టల మీద నీడలకి 80 శాతం. అక్కడ చూడాల్సిందేమీ లేదు, పైగా కన్నుని ఎక్కువ ఇబ్బంది పెట్టే గ్రెయిన్ అక్కడే ఉంటుంది, ఎందుకంటే చదునుగా ఉన్న చోట దాన్ని దాచేది ఏదీ లేదు. ముందు వరస ముఖాల్లో బుగ్గలకి, నుదుటికి, మెడకి 35 శాతం. కళ్లు, రెప్పలు, కనుబొమ్మలు, ముక్కు రంధ్రాల అంచు, పెదవుల మధ్య గీత, పళ్లు, నుదుటి దగ్గర జుట్టు మొదలయ్యే చోటు, వీటి మీద బ్రష్ పెట్టనే లేదు. ముక్కు పక్క నుంచి నోటి చివరి దాకా దిగే నవ్వు గీత ఉంటుంది చూడండి, దాన్ని కూడా మొదట బుగ్గతో కలిపి పూసేశాను. తర్వాత చూస్తే మనిషి నవ్వుతున్నాడు కానీ నవ్వు అతికించినట్టు ఉంది. ఎందుకో మొదట అర్థం కాలేదు, ఆ గీత మెత్తబడి బుగ్గ ఉబ్బు తగ్గిపోయింది. అక్కడ నల్ల బ్రష్‌తో తిరిగి తీసేస్తే మనిషి మళ్లీ వచ్చాడు. ముఖం చెరిగిందా లేదా అని చూడటానికి నేను పెట్టుకున్న గుర్తులు ఇవే: కనుబొమ్మలో వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయా, పళ్ల మధ్య గీతలు ఉన్నాయా, కంట్లో లాంప్ మెరుపు చుక్క గుండ్రంగా, స్పష్టంగా ఉందా లేక పాకిందా. లేయర్ పక్కనున్న కన్ను గుర్తుని నొక్కుతూ, ముందు, తర్వాత అని మార్చి మార్చి చూడాలి. అలా మార్చినప్పుడు గ్రెయిన్ తగ్గినట్టు మాత్రమే అనిపించాలి. మనిషి ముఖకవళిక మారినట్టు అనిపిస్తే మాత్రం ఎక్కడో ఎక్కువైంది.

వెనకున్నవాడి దగ్గరే ఎక్కువ సమయం పోయింది. అతని మీద గ్రెయిన్ రెండింతలు కాబట్టి బుగ్గలకి 80 శాతం ఇచ్చేశాను. సన్న ఇసుక పోయింది, కానీ దాని కింద నుంచి ఇంకొకటి బయటపడింది, వేలి గుర్తులంత పెద్ద మసక మచ్చలు, ఒక చోట కొంచెం నల్లగా, పక్కన కొంచెం తెల్లగా, చర్మవ్యాధి వచ్చినవాడిలా. మొదట నా బ్రష్ తప్పనుకున్నాను. అది కూడా నాయిస్సే. నాయిస్ ఒక్క పిక్సెల్ సైజులోనే ఉండదు, పెద్ద సైజు అలల్లో కూడా ఉంటుంది. సన్నటిది పైన ఉన్నంత సేపు కన్ను దాన్ని చూస్తూ పెద్దదాన్ని పట్టించుకోదు, సన్నటిది తీసేయగానే పెద్దది ముందుకొస్తుంది. ఆ పెద్ద మచ్చలు కూడా పోవాలంటే ఇంకా వెడల్పుగా మసక చేయాలి, అంటే 180 పిక్సెళ్ల ముఖంలో ముక్కు నీడ, బుగ్గ ఎముక అన్నీ కొట్టుకుపోతాయి. అందుకని వెనక్కి వచ్చాను. బుగ్గల మీద 55 కి దించాను, అప్పుడు మిగిలిన సన్న గ్రెయిన్ ఆ మచ్చల మీద పరదాలా ఉండి వాటిని దాచింది. ఇది నాకు అప్పటిదాకా తోచని సంగతి: కొంచెం గ్రెయిన్ ఉంచడం రాజీ పడటం కాదు, అదే పెద్ద మచ్చల్ని కప్పుతోంది. కళ్ల మీద ముందువాళ్లలా పూర్తిగా వదిలేస్తే ఆ రెండు చోట్లే గరుకుగా ఉండి కళ్లలో ఇసుక పడ్డట్టుంది, 20 శాతం ఇచ్చాను. గడ్డం మాత్రం అస్సలు ముట్టుకోలేదు. గడ్డం, జుట్టు, ఉన్ని స్వెట్టర్ లాంటివి వాటంతటవే గరుకువి, గ్రెయిన్ వాటిలో కలిసిపోతుంది, అక్కడ తుడవడం వల్ల వచ్చేదేమీ లేదు, పోయేదే ఉంది.

అతని పక్కనున్నవాడి విషయంలో చేయగలిగింది లేదు. పగలబడి నవ్వుతూ తల వెనక్కి వాల్చాడు, 1/60 షట్టర్‌కి ముఖం కదిలిపోయింది. అది నాయిస్ కాదు, కదలిక. దాన్ని పదును చేయబోతే గ్రెయిన్ పెరుగుతుంది తప్ప కన్ను నిలబడదు. అలాగే వదిలేశాను, ఆ నవ్వుకి ఆ కదలిక బాగానే కుదిరింది.

రెండో సాయంత్రం చివర్లో మొత్తం చూస్తే కొత్త సమస్య. జుట్టు గరుకుగా ఉంది, దాని వెనక గోడ నున్నగా ఉంది, మధ్యలో గీత గీసినట్టు తేడా. మనుషుల్ని కత్తిరించి వేరే గోడ మీద అతికించినట్టుంది. మాస్క్ మీద క్లిక్ చేసి, మాస్క్‌కే Gaussian Blur 12 పిక్సెళ్లు ఇచ్చాను, అంచులు మెత్తబడ్డాయి. కానీ దానివల్ల గోడ శుభ్రం కొంచెం కళ్లలోకీ కనుబొమ్మల్లోకీ పాకింది, కాబట్టి బ్లర్ చేశాక ఆ చోట్ల చిన్న నల్ల బ్రష్‌తో మళ్లీ ఒకసారి తిరిగాను. ఈ వరస గుర్తుంచుకోండి, ముందు బ్లర్, తర్వాత కళ్లు. నేను తిరగేసి చేసి ఒక గంట పని రెండోసారి చేశాను.

అయినా వెనకున్నవాడు మిగతావాళ్ల కంటే గరుకుగానే ఉన్నాడు, గోడ మరీ నున్నగా ఉంది. అతన్ని ఇంకా తుడవలేను కాబట్టి మిగతా ఫొటోని అతని దగ్గరకి తెచ్చాను, అంటే గ్రెయిన్ తిరిగి కలిపాను. వినడానికి వింతగా ఉంటుంది, మూడు రోజులు తీసినదాన్నే మళ్లీ చల్లడం. కానీ చల్లింది తీసినదాని లాంటిది కాదు, రంగు లేనిది, అంతటా ఒకే సైజుది. పైన ఒక కొత్త లేయర్, దాన్ని 808080 బూడిద రంగుతో నింపి, Filters మెనూలో Noise కింద RGB Noise ని నడిపాను, అందులో Independent RGB టిక్ తీసేస్తే రంగు లేని గ్రెయిన్ వస్తుంది. దానికి Gaussian Blur 0.6 ఇస్తే పిక్సెల్ గళ్ల పదును పోయి సహజంగా ఉంటుంది. లేయర్ మోడ్ Grain merge, ఈ మోడ్‌లో మధ్య బూడిద రంగు ఉన్న చోట కింద ఏమీ మారదు, అటూ ఇటూ ఉన్నదే కలుస్తుంది. ఒపాసిటీని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, గోడా అతని బుగ్గా ఒకే కాగితం మీద ఉన్నట్టు అనిపించగానే ఆపాను, నాకు అది 18 దగ్గర వచ్చింది. మీ ఫొటోకి వేరే సంఖ్య వస్తుంది. ఈ లేయర్‌కి మాస్క్ వేసి వెనకున్నవాడి ముఖం మీద మాత్రం దీన్ని దాచేశాను, అతనికి సొంతది చాలు. దీనితో అతికించినట్టుండే గుణం పూర్తిగా పోయింది. ముందున్నవాళ్ల బుగ్గల మీద కూడా చర్మం తిరిగొచ్చినట్టు అనిపించింది. నిజానికి చర్మం రంధ్రాలు రాలేదు, కానీ పూర్తి నునుపు మీద ఆ కొద్ది గరుకు పడగానే కన్ను దాన్ని చర్మంగా తీసుకుంటుంది.

ఈ పనంతా నేను 100 శాతం జూమ్‌లో చేసినా, బాగుందా లేదా అని తీర్పు చెప్పింది మాత్రం 50 శాతంలోనే. 6000 పిక్సెళ్ల ఫొటోని మామూలు తెర మీద 100 శాతంలో చూడటమంటే మీటరున్నర పైన వెడల్పున్న ఫొటోని ముక్కు ఆనించి చూడటమే, అలా ఎవరూ చూడరు. మొదటి రోజు ఆ జూమ్‌లో కనిపించిన ప్రతి చుక్కనీ తరుముతూ పోయి ముఖాలు పాడుచేశాను. నేను తీయించాలనుకున్న ప్రింట్ 12×8 అంగుళాలు, అంగుళానికి 300 చొప్పున 3600×2400 పిక్సెళ్లు. ఫొటోని ఆ సైజుకి తగ్గించినప్పుడు దాదాపు మూడేసి పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి, గ్రెయిన్ దానంతటదే దాదాపు 40 శాతం దాకా తగ్గుతుంది, ఏ ముఖమూ చెరగకుండా. ఇది ముందే తెలిసుంటే ముందున్న ముగ్గురి మీద అసలు బ్రష్ తక్కువ పెట్టేవాణ్ని. మీ ఫొటో చివరికి ఫోన్ తెర మీదే చూస్తారనుకుంటే ముందు ఒక కాపీని ఆ సైజుకి తగ్గించి చూడండి, రంగు నాయిస్ తీసేశాక ఇంకేమీ చేయక్కర్లేదని తేలవచ్చు.

పదును అన్నిటికంటే చివర, సైజు తగ్గించాక. ముందే పెడితే గ్రెయిన్‌కి పదును పెట్టినట్టు. Sharpen లో Radius 1, Amount 0.4 దాకా, అదీ మాస్క్ వేసి కళ్లకి, కనుబొమ్మలకి, పెదవులకి మాత్రమే. బుగ్గలకి వద్దు, అక్కడ పదును పెట్టడానికి గ్రెయిన్ తప్ప ఏదీ లేదు.

జేపెగ్‌గా 95 క్వాలిటీలో దాచాను. క్వాలిటీ బాగా తగ్గిస్తే గ్రెయిన్ ఉన్న చోట్ల చిన్న చదరపు గళ్లు పడతాయి, సన్న గ్రెయిన్‌ని కుదించడం జేపెగ్‌కి కష్టం. గ్రూపులో మామూలు ఫొటోలా పంపితే చాట్ యాప్ మళ్లీ కుదించేస్తుంది, అలా ఒకసారి పంపి చూస్తే వెనకున్నవాడి ముఖం మళ్లీ ముద్దయింది. అందుకే ఈసారి డాక్యుమెంట్‌గా పంపాను.

వెనకున్నవాడు వెంటనే జూమ్ చేసి చూసినట్టున్నాడు, "గడ్డం వచ్చిందిరా" అని మాత్రం రాశాడు. స్నేహితురాలు తన ముఖం గురించి ఏమీ అనలేదు, వాళ్ల అమ్మకి పంపిందట, ఆవిడ "ఈ లాంప్ వెలుతురులో ఎంత బాగున్నారే" అన్నారట. ప్రింట్లు మాట్ కాగితం మీద తీయించాను. చేతిలో పట్టుకుని చూస్తే గోడ మీద గ్రెయిన్ కనిపించదు, వెనకున్నవాడి ఎడమ బుగ్గ మీద ఒక మసక మచ్చ మాత్రం వెతికితే ఇంకా ఉంది. దాన్ని తీయబోతే బుగ్గ ఎముక నీడ కూడా పోతోంది, మూడుసార్లు ప్రయత్నించి వదిలేశాను. వేరే దేశం వెళ్లినవాడికి కవర్లో పెట్టి పంపాల్సింది ఇంకా నా బల్ల మీదే ఉంది, రేపు పంపిస్తాను.